వెరీ, టూ, ఇనఫ్: ఏది ముందు, ఏది వెనుక?

ఈసారి మూడు చిన్న ఇంగ్లీషు మాటలు తీసుకుందాం: వెరీ, టూ, ఇనఫ్. మూడూ మనకు చిన్న తరగతుల్లోనే వచ్చేసినవే. అర్థం అడిగితే అందరం చెప్పేస్తాం. చిక్కంతా వాటిని విశేషణం పక్కన పెట్టేటప్పుడు వస్తుంది. పెద్ద, చిన్న, వేడి, బరువైన, దగ్గర లాంటి మాటలే విశేషణాలని మీకు తెలుసు.

మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడి ఆవరణలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. తెలుగులో ‘చాలా పెద్ద’, ‘మరీ పెద్ద’, ‘చాలినంత పెద్ద’ అంటాం. హిందీలో ‘బహుత్ బడా’, ‘జ్యాదా బడా’, ‘కాఫీ బడా’ అంటాం (ఇది తాగే కాఫీ కాదు). రెండు భాషల్లోనూ ఎంత అని చెప్పే మాట విశేషణానికి ముందే ఉంటుంది. ఇంగ్లీషులో వెరీ, టూ కూడా ముందే ఉంటాయి: ‘వెరీ బిగ్’, ‘టూ బిగ్’. ఇనఫ్ ఒక్కటే విశేషణం దాటి వెనక్కి వెళ్ళి నిలబడుతుంది: ‘బిగ్ ఇనఫ్’. మన అలవాటు దాన్ని కూడా ముందుకు లాగి ‘ఇనఫ్ బిగ్’ అనిపిస్తుంది. ఈ పాఠంలో ముఖ్యంగా సరిచూసుకోవలసింది అదే. అయితే జాగా చూసే ముందు, మూడింటిలో ఏది కావాలో తేల్చుకోవాలి. అది తేలకపోతే జాగా సరిగ్గా ఉన్నా వాక్యం తప్పు మాట చెబుతుంది.

ఒకే గిన్నె, మూడు వాక్యాలు

లేహ్‌లో ఉన్నవాళ్ళకు, ఉండి వచ్చినవాళ్ళకు ఈ ఉదాహరణ బాగా తెలుస్తుంది. లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 100 డిగ్రీల దాకా ఆగవు, దాదాపు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. ఇక ఎంత మంట పెట్టినా మూత లేని గిన్నెలో ఆ వేడి పెరగదు. పొయ్యి మీద అలాంటి గిన్నె ఒకటి మరుగుతోందనుకుందాం.

‘ది వాటర్ ఈజ్ వెరీ హాట్.’ నీళ్ళు చాలా వేడిగా ఉన్నాయి. ఇది నిజం. వాక్యం ఇక్కడితో పూర్తయింది. ఆ వేడి దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అన్న మాట ఇందులో లేదు. వేడి ఎక్కువ, అంతే.

‘ది వాటర్ ఈజ్ టూ హాట్ టు టచ్.’ నీళ్ళు ముట్టుకోలేనంత వేడిగా ఉన్నాయి. ఇదీ నిజమే. ఇక్కడ ఒక గీత ఉంది. చెయ్యి ఓర్చుకోగలిగిన వేడి ఆ గీత. నీళ్ళు దాన్ని దాటిపోయాయి, అందుకే ముట్టుకోవడం కుదరదు.

‘ది వాటర్ ఈజ్ నాట్ హాట్ ఇనఫ్ టు కుక్ ది దాల్ క్విక్లీ.’ పప్పు తొందరగా ఉడికేంత వేడిగా నీళ్ళు లేవు. ఇది కూడా నిజం. ఇక్కడ గీత వేరు. పప్పు తొందరగా ఉడకడానికి కావలసిన వేడి ఆ గీత. నీళ్ళు దాన్ని అందుకోలేదు. ప్రెషర్ కుక్కర్ మూత బిగించి లోపలి ఒత్తిడి పెంచితే అందుకుంటాయి. అందుకే అక్కడి వంటింట్లో కుక్కర్ లేనిదే పని జరగదు.

అవే నీళ్ళు, అదే క్షణం. చాలా వేడి, ముట్టుకోలేనంత వేడి, అయినా చాలినంత వేడి కాదు. మూడింటికీ మధ్య ఏ తగువూ లేదు. వెరీకి గీత అక్కర్లేదు, టూకూ ఇనఫ్‌కూ గీత తప్పనిసరి. టూ అంటే గీత దాటిపోయింది, పని కుదరదు. ఇనఫ్ అంటే గీతను అందుకుంది, పని కుదురుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం తప్పులు పోతాయి.

గీత అనేది వస్తువులో ఉండదని కూడా గమనించండి. 1985లో మన దేశంలో 19 ఏళ్ళ మనిషి ‘టూ యంగ్ టు ఓట్’. అప్పుడు ఓటు వయసు 21. 61వ రాజ్యాంగ సవరణ 1989లో అమల్లోకి వచ్చి ఆ వయసు 18కి దిగింది. 1990లో 19 ఏళ్ళ మనిషి ‘ఓల్డ్ ఇనఫ్ టు ఓట్’. 19 ఎప్పుడైనా 19 ఏళ్ళే, జరిగింది గీత మాత్రమే. కాబట్టి టూ గానీ ఇనఫ్ గానీ రాసినప్పుడల్లా ‘దేనికి?’ అని మనల్ని మనం అడగాలి. జవాబు వాక్యంలో ఉండాలి, లేదా ముందు వాక్యం నుంచి తెలిసిపోవాలి. జవాబు ఎక్కడా లేకపోతే మనకు కావలసింది బహుశా వెరీ.

తెలుగులో ఈ గీతను మనం క్రియతో చెబుతాం. ‘ఎత్తలేనంత బరువు’ అంటే ‘టూ హెవీ టు లిఫ్ట్’. ‘ఎత్తగలిగేంత తేలిక’ అంటే ‘లైట్ ఇనఫ్ టు లిఫ్ట్’. ‘లేనంత’ వస్తే టూ, ‘గలిగేంత’ వస్తే ఇనఫ్. తెలుగులో పని ముందు వస్తుంది, విశేషణం తరువాత వస్తుంది. ఇంగ్లీషులో విశేషణం ముందు, పని తరువాత. ఇనఫ్ విశేషణానికి వెనుక ఎందుకుందో గుర్తు పెట్టుకోవడానికి మాకు ఇదే తేలికగా అనిపిస్తుంది: అది విశేషణానికీ, దాని వెంట వచ్చే పనికీ నడుమ నిలబడి రెండింటినీ కలుపుతోంది అనుకోండి. ‘లైట్’, ‘ఇనఫ్’, ‘టు లిఫ్ట్’.

పనిలో పనిగా ఒక మాట. ఇక్కడ మేం ‘టూ’ అని దీర్ఘంతో రాసింది రెండు ఓలు ఉన్న మాట. ‘టు’ అని హ్రస్వంతో రాసింది క్రియకు ముందు వచ్చే ఒక్క ఓ మాట. ఇంగ్లీషులో రాసేటప్పుడు రెండూ ఒకే వాక్యంలో వస్తాయి కాబట్టి ఓలు లెక్కపెట్టుకోవాలి.

పెట్టెలు ఎన్ని, పెట్టెలు ఎంత

ఇనఫ్ ఎప్పుడూ వెనుకే ఉంటుందా అంటే, లేదు. విశేషణానికి వెనుక, నామవాచకానికి ముందు. ‘ఇనఫ్ మనీ’, ‘ఇనఫ్ చైర్స్’, ‘ఇనఫ్ టైమ్’. ఇంతవరకు బాగానే ఉంది. విశేషణమూ నామవాచకమూ పక్కపక్కనే ఉన్నప్పుడే అసలు పని పడుతుంది.

బదిలీ ఉత్తర్వు వచ్చింది. సామాన్లు కట్టేవాళ్ళు పెట్టెలు పంపుతామన్నారు. ఇంట్లో ఇంగ్లీషు సందేశాలు రాసే పని మీదే అనుకుందాం, మన ఇళ్ళలో ఇది మామూలే. మీరు రెండు రకాలుగా రాయవచ్చు.

‘ప్లీజ్ సెండ్ ఇనఫ్ బిగ్ బాక్సెస్.’

‘ప్లీజ్ సెండ్ బిగ్ ఇనఫ్ బాక్సెస్.’

రెండూ వ్యాకరణం ప్రకారం సరైన వాక్యాలే. అందుకే జాగ్రత్త ఎక్కువ కావాలి, తప్పు ఉంటే ఎవరైనా ఎత్తి చూపుతారు గానీ ఇక్కడ ఎత్తి చూపడానికి ఏమీ ఉండదు. మొదటి వాక్యంలో ఇనఫ్ ‘బిగ్ బాక్సెస్’ అనే మొత్తానికి ముందుంది. అది లెక్కను చెబుతోంది: పెద్ద పెట్టెలు చాలినన్ని పంపండి. రెండో వాక్యంలో ఇనఫ్ ‘బిగ్’ వెనుక ఉంది. అది పరిమాణాన్ని చెబుతోంది: చాలినంత పెద్ద పెట్టెలు పంపండి.

మీ ఇంట్లో ఉన్నది కుట్టుమిషను, అది మామూలు పెట్టెలో పట్టదు. మీరు మొదటి వాక్యం పంపారు. వాళ్ళు తమ దగ్గరున్న పెద్ద రకం పెట్టెలు ఇరవై దించి వెళ్ళారు. మీరు అడిగినట్టే చేశారు. ఇరవై పెట్టెలూ హాల్లో ఉన్నాయి, కుట్టుమిషను ఏ ఒక్కదానిలోనూ పట్టలేదు. తిరగేసి చూడండి. మీ దగ్గర పుస్తకాలు, గిన్నెలు బోలెడు ఉన్నాయి, పెట్టెల సంఖ్యే సమస్య. మీరు రెండో వాక్యం పంపారు. మంచి పెద్ద పెట్టెలు రెండు వచ్చాయి. సగం గిన్నెలు నేల మీదే ఉండిపోయాయి. ఒక్క మాట చోటు మారినందుకు ఇంత తేడా.

ఇక్కడ మన తెలుగు మనకు బాగా ఉపయోగపడుతుంది. ఇంగ్లీషు చోటు మార్చి చెప్పే తేడాను తెలుగు మాట చివర మార్చి చెబుతుంది: చాలినన్ని, చాలినంత. ‘అన్ని’ లెక్కకు, ‘అంత’ కొలతకు. ఇది ఎవరూ నేర్పకుండానే మనకు వచ్చు. ‘ఎన్ని పెట్టెలు’ అంటాం, ‘ఎంత పెద్ద పెట్టె’ అంటాం, ఎప్పుడూ తడబడం. కాబట్టి వాక్యం పంపే ముందు దాన్ని తెలుగులో ఒక్కసారి అనుకోండి. ‘చాలినన్ని పెద్ద పెట్టెలు’ అని వచ్చిందా, ఇనఫ్ అన్నిటికంటే ముందు. ‘చాలినంత పెద్ద పెట్టెలు’ అని వచ్చిందా, ఇనఫ్ విశేషణం వెనుక.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. లెక్కపెట్టలేని వాటికి తెలుగులో కూడా ‘అంత’ వస్తుంది: చాలినంత డబ్బు, చాలినంత చోటు. అప్పుడు ‘అంత’ తర్వాత ఏమొచ్చిందో చూడాలి. నామవాచకం వస్తే ఇనఫ్ ముందు, ‘ఇనఫ్ మనీ’. విశేషణం వస్తే ఇనఫ్ వెనుక, ‘బిగ్ ఇనఫ్’.

మన ‘చాలా’ కూడా ‘చాలు’ అనే క్రియ నుంచి వచ్చినదే. అంటే ఒకప్పుడు ‘సరిపోయేలా’ అన్న మాట క్రమంగా ‘ఎక్కువగా’ అయింది. హిందీ ‘కాఫీ’ కథ కూడా ఇలాంటిదే, ‘సరిపడా’ అనీ అదే, ‘బాగా’ అనీ అదే. రెండు భాషల్లోనూ వెరీ, ఇనఫ్ ఇరుగుపొరుగు ఇళ్ళలో ఉన్నాయన్నమాట. ఇంగ్లీషులో వాటి మధ్య గోడ ఉంది.

ఒక ఉత్తరం సరిచూద్దాం

విశాఖపట్నం నుంచి షిల్లాంగ్ వెళ్ళిన ఏడో తరగతి విద్యార్థి పాత బడిలోని స్నేహితుడికి ఇంగ్లీషులో ఇలా రాశాడనుకుందాం. ఒక్కో వాక్యం చూస్తూ పోదాం.

‘అవర్ క్వార్టర్ ఈజ్ టూ బ్యూటిఫుల్.’ టూ ఉంది కాబట్టి గీత వెతకాలి. దేనికి కుదరనంత అందం? జవాబు లేదు. ఇల్లు అందంగా ఉందని మెచ్చుకోవడమే అతని ఉద్దేశం. కాబట్టి ‘వెరీ బ్యూటిఫుల్’. మన దేశంలో స్నేహితుల మధ్య ‘టూ గుడ్’ అని మెచ్చుకోవడం బాగా వినిపిస్తుంది. మైదానంలో సిక్సర్ కొట్టినవాణ్ణి అలా అంటే ఎవరూ పట్టించుకోరు. ఉత్తరంలో, పరీక్షలో మాత్రం చదివేవారు ఆ ‘టూ’ తర్వాత ఏదో ఇబ్బంది వస్తుందని ఎదురుచూస్తారు.

‘మై రూమ్ ఈజ్ ఇనఫ్ బిగ్ ఫర్ మై కాట్ అండ్ టేబుల్.’ మంచం, బల్ల పట్టేంత పెద్ద గది. గీత ఉంది, అందుకుంది, కాబట్టి ఇనఫ్ సరైన మాటే. చోటు తప్పింది. ‘బిగ్ ఇనఫ్ ఫర్ మై కాట్ అండ్ టేబుల్’. గీతను ‘టు’తో పాటు ‘ఫర్’తో కూడా చెప్పవచ్చని ఈ వాక్యం చూపిస్తోంది. పని అయితే ‘టు’, మనిషి గానీ వస్తువు గానీ అయితే ‘ఫర్’.

‘వి హావ్ ఎ టూ స్మాల్ కిచెన్.’ వంటిల్లు మరీ చిన్నది, ఇద్దరు నిలబడలేరు. మాట సరైనదే, విశేషణానికి ముందే ఉంది కూడా. అయినా వాక్యం కుదరలేదు. వెరీ అయితే ‘ఎ వెరీ స్మాల్ కిచెన్’ అని నామవాచకం ముందు హాయిగా కూర్చుంటుంది. టూకు ఆ చోటు నప్పదు. దానికి ‘ఈజ్’ తర్వాత చోటిస్తే సరి: ‘ది కిచెన్ ఈజ్ టూ స్మాల్ ఫర్ టూ పీపుల్’. పాత పుస్తకాల్లో ‘టూ స్మాల్ ఎ కిచెన్’ అన్న కూర్పు కనిపిస్తుంది. అది సరైనదే గానీ మన ఉత్తరాలకు అంత హంగు అక్కర్లేదు.

‘ది మార్నింగ్స్ ఆర్ టూ మచ్ కోల్డ్.’ ఇది ‘చాలా ఎక్కువ చలి’ని మాటకు మాట ఇంగ్లీషులో పెట్టడం. ‘టూ మచ్’ నామవాచకానికి: ‘టూ మచ్ లగేజ్’, ‘టూ మచ్ నాయిస్’. విశేషణానికి టూ ఒక్కటే చాలు. ఇక్కడ మరో ప్రశ్న కూడా ఉంది. చలిగా ఉందని చెప్పడమే అయితే ‘వెరీ కోల్డ్’. చలి వల్ల పొద్దున్నే ఆడుకోలేకపోతున్నాడంటే ‘టూ కోల్డ్ టు ప్లే అవుట్‌సైడ్’. ఈ రెండింటిలో ఏది తన మనసులో ఉందో రాసినవాడికే తెలుసు, వ్యాకరణం చెప్పలేదు.

‘ది టీ హియర్ ఈజ్ టూ హాట్ టు డ్రింక్ ఇట్.’ అంతా బాగుంది, చివర ‘ఇట్’ మిగిలిపోయింది. తాగేది ఏమిటో వాక్యం మొదట్లోనే చెప్పేశాం, అదే టీ. మళ్ళీ చెప్పకూడదు. ‘టూ హాట్ టు డ్రింక్’. ఇనఫ్‌కూ ఇదే వర్తిస్తుంది: ‘లైట్ ఇనఫ్ టు క్యారీ’, చివర ‘ఇట్’ ఉండదు.

‘ది స్కూల్ ఈజ్ వెరీ నియర్ టు వాక్.’ బడి నడిచి వెళ్ళేంత దగ్గర అని అతని భావం. ‘వెళ్ళేంత’ ఉంది, అంటే గీత ఉంది, అందుకుంది. కాబట్టి వెరీ కాదు: ‘నియర్ ఇనఫ్ టు వాక్ టు’. చివర ఉన్న ‘టు’ పొరపాటు కాదు, ‘బడికి’లో ‘కి’ అది. వెరీ వెనుక ‘టు’ వచ్చి కూర్చుంటే ఒకసారి అనుమానించడం మంచిది. అనుమానించడం వేరు, కొట్టేయడం వేరు. ‘ఐ యామ్ వెరీ హ్యాపీ టు సీ యు’ నూటికి నూరు పాళ్ళు సరైన వాక్యం. అక్కడ ‘టు’ గీత గీయడం లేదు, సంతోషానికి కారణం చెబుతోంది. తేడా కనిపెట్టడానికి తెలుగు చాలు: ‘చూడలేనంత’ అనో ‘చూడగలిగేంత’ అనో మార్చి చూడండి, అర్థం పాడైపోతుంది. అలా పాడైతే వెరీని కదిలించకండి.

ఉత్తరం చివర, మా తమ్ముణ్ణి ఇంకా బడిలో చేర్చలేదు అని చెబుతూ అతను రెండు వాక్యాలు రాశాడు: ‘మై బ్రదర్ ఈజ్ టూ యంగ్ ఫర్ క్లాస్ వన్. హి ఈజ్ నాట్ ఓల్డ్ ఇనఫ్.’ కేంద్రీయ విద్యాలయాల్లో ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్ళు నిండాలి. అదే ఇక్కడ గీత. రెండు వాక్యాలూ సరైనవే, రెండూ ఒకే మాట చెబుతున్నాయి. టూ వాడితే ‘యంగ్’, ‘నాట్ ఇనఫ్’ వాడితే దాని ఎదురు మాట ‘ఓల్డ్’. మీ వాక్యం మీద నమ్మకం లేనప్పుడు ఇలా తిప్పి చూడవచ్చు. ‘టూ స్మాల్’ను ‘నాట్ బిగ్ ఇనఫ్’గా తిప్పితే అర్థం నిలబడిందంటే టూ సరైన చోటే ఉంది. మొదటి వాక్యాన్ని అలా తిప్పి చూడండి. ‘టూ బ్యూటిఫుల్’ కాస్తా ‘నాట్ అగ్లీ ఇనఫ్’ అవుతుంది, అంటే ఇల్లు చాలినంత అసహ్యంగా లేదని!

మీరే సరిచూడండి

ఈ నాలుగింటిలో ఒక్కటే తప్పు లేనిది.

‘దిస్ ట్రంక్ ఈజ్ నాట్ ఇనఫ్ స్ట్రాంగ్ ఫర్ ది బుక్స్.’

‘మై న్యూ క్లాస్‌మేట్స్ ఆర్ టూ మచ్ ఫ్రెండ్లీ.’

‘వి డు నాట్ హావ్ ఇనఫ్ వార్మ్ బ్లాంకెట్స్.’

‘దిస్ సమ్ ఈజ్ టూ డిఫికల్ట్ టు సాల్వ్ ఇట్.’

మూడోదే సరైనది. అందులో వెచ్చని దుప్పట్లు చాలినన్ని లేవు. ఉన్న దుప్పట్లు చలికి ఆగేంత వెచ్చగా లేవని చెప్పాలంటే ఇనఫ్ ఒక మాట వెనక్కి జరగాలి: ‘అవర్ బ్లాంకెట్స్ ఆర్ నాట్ వార్మ్ ఇనఫ్.’ మొదటి ఇంట్లో ఇంకో రెండు దుప్పట్లు కొంటారు. రెండో ఇంట్లో ఉన్నవి పక్కన పెట్టి మందపాటివి కొంటారు.